డబ్బా ఫొటో చూసి షేడ్ పట్టుకోవచ్చా?

అమెరికా నుంచి వచ్చిన వదిన ఇచ్చిన ఫౌండేషన్ ముఖానికి చక్కగా కుదిరింది. వేసుకున్నట్టే తెలియదు. కొన్నాళ్లకు సీసా అడుగంటింది. ఆ షేడ్ మన ఊళ్లో దొరకదు, లేదంటే కంపెనీవాళ్లే దాన్ని ఆపేశారు. అప్పుడు దాదాపు అందరూ చేసే పని ఒకటే. డబ్బానూ సీసానూ పక్కపక్కన పెట్టి ఫోనుతో ఫొటో తీసి, తెలిసిన ఫ్యాన్సీ షాపుకు వాట్సాప్‌లో పంపిస్తారు. "అక్కా, దీనికి దగ్గరగా మీ దగ్గర ఏముంది?" అని అడుగుతారు. షాపులో ఉన్నామె ఫోను తెరను నాలుగు సీసాల పక్కన పెట్టి చూస్తుంది. ఏది ఎక్కువ పోలితే అది ఇస్తుంది. ఇంటికెళ్లి రాసుకుంటే ముఖం నారింజ రంగుకు తిరుగుతుంది, లేదా విభూతి పూసినట్టు తెల్లగా తేలుతుంది.

తప్పు షాపామెది కాదు, ఆమె కళ్లదీ కాదు. తెర మీద కనిపించిన రంగుకు ఆ సీసా నిజంగానే దగ్గరగా ఉంది. చిక్కల్లా తెర మీదున్న రంగు అసలు సీసాలోది కాకపోవడమే. సీసాలో ఉన్న రంగు కూడా చర్మం మీద ఆరాక కనిపించే రంగు కాదు. ఈ రెండు జారుడు మెట్లూ తెలిస్తే, అదే ఫొటో నుంచి పనికొచ్చే సమాచారం చాలానే రాబట్టవచ్చు.

ముందు అక్షరాలు, ఆ తర్వాతే రంగు

డబ్బా ఫొటోలో రెండు రకాల సమాచారం ఉంటుంది. ఒకటి ముద్రించిన అక్షరాలు, అంకెలు. రెండోది రంగు. ఏ దీపం కింద తీసినా మూడు మూడే, ఎనిమిది ఎనిమిదే. రంగు మాత్రం దీపం మారితే మారిపోతుంది. అందుకే పోలిక వెతికేవాళ్లు మొదట రంగును పక్కనపెట్టి అక్షరాలు చదవాలి. చాలామంది పంపే ఫొటోలో డబ్బా ముందువైపు, అందమైన పేరు, బంగారు గీత మాత్రమే ఉంటాయి. అసలు కావలసింది డబ్బా అడుగు, వెనక వైపు.

అక్కడ బార్‌కోడ్ కింద 13 అంకెలు ఉంటాయి. అమెరికా సరుకైతే 12 ఉండవచ్చు. ఈ అంకెలను నడిపించే అంతర్జాతీయ నియమం ప్రకారం ఒకే ఫౌండేషన్‌లో ఒక్కో షేడ్‌కు ఒక్కో సంఖ్య ఉండాలి. సీసా పరిమాణం మారినా సంఖ్య మారాలి. అంటే ఆ అంకెలు చాలు, బ్రాండు, రకం, షేడ్ మూడూ ఒకేసారి తేలిపోతాయి. చివరి అంకెను ముందున్నవాటి నుంచే లెక్కగట్టి వేస్తారు. మధ్యలో ఒక్క అంకె తప్పు చదివినా లెక్క కుదరదు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. ఫొటో మసకగా ఉన్నప్పుడు ఇది పెద్ద సాయం.

బార్‌కోడ్ లేకపోతే షేడ్ పేరు, దాని ముందుండే సంకేతం చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. షేడ్ సంకేతాలకు అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఒకే భాష లేదు. ఎస్టీ లాడర్ డబుల్ వేర్‌లో 3డబ్ల్యూ1 అని ఉంటే, మొదటి 3 రంగు ఎంత ముదురో చెబుతుంది. డబ్ల్యూ అంటే వార్మ్, అంటే పసుపు కొట్టే రకం. సీ అంటే కూల్, గులాబీ కొట్టే రకం. ఎన్ అంటే న్యూట్రల్, రెంటికీ మధ్య. ఇదే అలవాటుతో మ్యాక్ సీసా చదివితే బోల్తా పడతాం. మ్యాక్‌లో ఎన్‌సీ అనే షేడ్లు బంగారు ఛాయ చర్మానికి, ఎన్‌డబ్ల్యూ అనేవి గులాబీ ఛాయ చర్మానికి ఉద్దేశించినవి. అక్షరం ఒకటే, దిశ తలకిందులు. ఇక 128, 220, 310 లాంటి ఉత్త అంకెలు ఆ కంపెనీ లోపలి వరుస మాత్రమే. ఒక కంపెనీ 220కీ మరో కంపెనీ 220కీ ఏ బంధుత్వమూ లేదు. ఒకే కంపెనీలో కూడా మ్యాట్ రకంలోని షేడ్, డ్యూయీ రకంలోని అదే పేరున్న షేడ్ ఒకేలా ఉండాలన్న నియమం లేదు. అందుకే షేడ్ పేరుతోపాటు రకం పేరు కూడా ఫొటోలో పడాలి.

ఫొటోలో ఏవి పడాలి

> డబ్బా అడుగున ఉన్న షేడ్ స్టిక్కర్, బార్‌కోడ్ అంకెలు చదవగలిగేంత స్పష్టంగా ఉండాలి.
> ముందువైపు పూర్తి పేరు, ముఖ్యంగా మ్యాట్, డ్యూయీ, సీరమ్ లాంటి రకం మాట ఉండాలి.
> వెనకవైపు పదార్థాల జాబితా పూర్తిగా రావాలి.
> సీసాను బాగా కుదిపాక తీయాలి. నిలవున్న ఫౌండేషన్‌లో రంగుపొడి కిందికి దిగి, పైన పలచటి పొర తేలుతుంది. కుదపని సీసా ఫొటోలో ఏ ఎత్తున చూస్తే ఆ రంగు కనిపిస్తుంది.
> సీసా పక్కన ఒక తెల్ల కాగితం తప్పకుండా ఉండాలి. కారణం కింద వస్తుంది.

పదార్థాల జాబితా ఏం చెప్పదు

రంగు ఏమిటో పదార్థాల జాబితాలోనే ఉంటుంది కదా, అది చదివితే చాలు అనిపించవచ్చు. ఫౌండేషన్ విషయంలో ఆ దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది.

లేతగా ఉన్నా ముదురుగా ఉన్నా, ఫౌండేషన్ రంగు ముఖ్యంగా నాలుగు పొడుల నుంచి వస్తుంది. తెలుపుకు టైటానియం డయాక్సైడ్, జాబితాలో సీఐ 77891. మిగిలిన మూడూ ఐరన్ ఆక్సైడ్లు: ఎరుపు సీఐ 77491, పసుపు సీఐ 77492, నలుపు సీఐ 77499. తెలుపు పెంచితే లేత షేడ్, నలుపూ ఎరుపూ పెంచితే ముదురు షేడ్. పసుపుకూ ఎరుపుకూ ఉన్న పాళ్లు మారితే అండర్‌టోన్ మారుతుంది. కొన్ని ముదురు షేడ్లలో, పచ్చఛాయ షేడ్లలో నీలి అల్ట్రామెరీన్‌నో ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్‌నో కాస్త కలుపుతారు.

అంటే పాలలాంటి తెల్ల చర్మానికి చేసిన సీసా మీదా, ముదురు గోధుమ చర్మానికి చేసిన సీసా మీదా అవే నాలుగు అంకెలు ఉండవచ్చు. తేడా అంతా పాళ్లలో ఉంటుంది. పాళ్లు ఎవరూ రాయరు. పైగా అనేక షేడ్లలో వచ్చే మేకప్ సరుకు మీద, మొత్తం వరుసలో వాడిన రంగులన్నిటినీ "మే కంటెయిన్" అనో ప్లస్-మైనస్ గుర్తు వేసో ఒకేచోట ముద్రించే వీలు చట్టాల్లోనే ఉంది. అన్ని షేడ్లకూ ఒకే రకం డబ్బా అచ్చేసి, అడుగున షేడ్ స్టిక్కర్ మార్చుకునే సౌలభ్యం అది. కొనేవారికి మాత్రం ఆ జాబితా నుంచి షేడ్ తెలియదు.

అయినా జాబితా ఫొటో అడగడం వృథా కాదు. అందులో మొదటి నాలుగైదు పదార్థాలు ఫౌండేషన్ ఒంటి తీరు చెబుతాయి. ముందు నీళ్లు, ఆ వెంటనే సిలికోన్లు ఉన్నాయా? త్వరగా ఆవిరయ్యే ఐసోడోడెకేన్ ఉందా? నూనెలు ఎక్కువున్నాయా? సీసాలోని రంగు చర్మం మీద ఆరాక ఎంత మారుతుందో అంచనా వేయడానికి ఇదే ఆధారం.

కెమెరా రంగును కొలవదు, ఊహిస్తుంది

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. సీసా మీద పడిన వెలుగులో కొంత భాగం తిరిగి కెమెరాకు చేరుతుంది. పడిన వెలుగే పసుపైతే తిరిగొచ్చేదీ పసుపుగానే ఉంటుంది. మన ఇళ్లలో సీలింగ్ నుంచి వేలాడే వెచ్చటి బల్బు, గోడకున్న తెల్ల ట్యూబ్‌లైటు, కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు — మూడూ మూడు రంగులు. మన మెదడు ఆ తేడాను తనంతట తాను సరిచేసుకుంటుంది, కాబట్టి మనకు తెలియదు. ఫోను కూడా సరిచేయాలనే చూస్తుంది. దీన్నే ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారు. అయితే ఫోనుకు అసలు దీపం రంగు తెలియదు. ఫొటోలో ఉన్న వస్తువులను చూసి, ఇందులో ఏది తెల్లగా ఉండాలో ఊహించి లెక్క సరిచేస్తుంది.

అందుకే బాగా దగ్గరగా తీసిన ఫొటో ఎక్కువ మోసం చేస్తుంది. చట్రం నిండా ఫౌండేషన్ గోధుమరంగే ఉంటే, ఫోను దాన్ని పసుపు దీపం ప్రభావమని పొరబడి నీలం వైపు లాగేస్తుంది. వెచ్చటి షేడ్ చల్లటి షేడ్‌లా కనిపిస్తుంది. అదే సీసాను ఎర్ర దుప్పటి మీద పెట్టి తీస్తే మరో వైపు జారుతుంది. దీనికితోడు కొన్ని ఫోన్లు రంగుల ఒప్పును పెంచుతాయి. చూసేవారి తెర ఇంకో రకంగా చూపిస్తుంది. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని తెరను పసుపు చేసే సెట్టింగు వేసి ఉంటే ఇక పోలిక మాట మరచిపోవాల్సిందే.

దీనికి విరుగుడు ఆ తెల్ల కాగితం. కాగితం తెల్లదని మనకు ముందే తెలుసు. ఫొటోలో అది పసుపుగా కనిపించిందంటే, ఆ పసుపు దీపానిదీ ఫోనుదీ అని అర్థం. అదే ఫొటోలో, అదే వెలుగులో ఉన్న సీసాకూ ఆ పసుపు అంటుకునే ఉంటుంది. కాగితం తెల్లగా మారేదాకా ఫొటోను సరిచేస్తే సీసా కూడా దాని అసలు రంగు వైపు వస్తుంది.

ఒక సీసా లెక్క

అంకెలతో చూస్తే ఇది ఎంత తేడా తెస్తుందో తెలుస్తుంది. రంగుకు చిరునామా ఇవ్వడానికి మూడు అంకెల పద్ధతి ఒకటుంది. కాంతి, రంగుల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంఘం 1976లో దీన్ని ఖరారు చేసింది. మొదటి అంకె వెలుగు: 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. రెండోది ఎరుపు ఎంత ఉందో, మూడోది పసుపు ఎంత ఉందో చెబుతాయి. రెండు రంగుల చిరునామాల మధ్య దూరం సుమారు 1 ఉంటే, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కంటికి తేడా తెలియదు. 5 దాటితే ఎవరికైనా తెలుస్తుంది.

ఉదాహరణకు చామనఛాయ చర్మానికి సరిపోయే ఒక ఫౌండేషన్ అనుకుందాం. వెచ్చటి బల్బు కింద తీసిన ఫొటోలో దాని అంకెలు: వెలుగు 58, ఎరుపు 15, పసుపు 28. షాపులో మూడు సీసాలున్నాయి. మూడింటినీ సరైన వెలుగులో ముందే కొలిచి పెట్టారు. మొదటిది 58, 14, 27. రెండోది 62, 11, 22. మూడోది 60, 14, 17.

ఫొటోను నమ్మితే ప్రశ్నే లేదు. మొదటి సీసా ఫొటోకు ఒకటిన్నర దూరంలోపే ఉంది. షాపామె అదే తీసి ఇస్తుంది.

ఇప్పుడు అదే ఫొటోలోని కాగితం చూద్దాం. అది 93, 2, 12 అని వచ్చింది. తెల్ల కాగితానికి పసుపు 12 ఉండకూడదు, సున్నాకు దగ్గరగా ఉండాలి. కాగితాన్ని తెల్లగా సరిచేసి, అదే సవరణ సీసాకు కూడా చేస్తే దాని అంకెలు 60, 11, 21కి వస్తాయి. ఇప్పుడు దూరాలు తిరగబడ్డాయి. మొదటి సీసా 7 దూరంలో ఉంది, అందులో ఎక్కువ భాగం పసుపూ ఎరుపూ కలిసినదే. నారింజ ముఖం వచ్చేది ఇక్కడినుంచే. మూడో సీసా వెలుగు అచ్చంగా సరిపోయింది, అయినా 5 దూరంలో ఉంది, ఎందుకంటే అది గులాబీ కొట్టే రకం. రెండోది కాస్త లేత, కానీ అండర్‌టోన్ దాదాపు అదే. దూరం 2 కంటే కొంచెం ఎక్కువ. ఇవ్వాల్సింది అదే.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. షేడ్ ఎంపికలో చాలామంది ముదురా లేతా అన్నదే చూస్తారు. రెండు అంకెల తేడాలో ఉన్న వెలుగును మెడ వైపు కాస్త పలచగా సర్దితే కలిపేయవచ్చు. అండర్‌టోన్ తప్పితే ఎంత పలచగా సర్దినా తప్పు రంగే పరుచుకుంటుంది. దీపం ఎక్కువగా పాడుచేసేది కూడా సరిగ్గా ఈ అండర్‌టోన్‌నే.

వాట్సాప్ ఫొటోలో తెల్ల కాగితం లేకపోతే? డబ్బా మీద తెల్లటి భాగం ఉంటే కొంత పనికొస్తుంది, కానీ కొన్ని డబ్బాలు చూడ్డానికి తెల్లవే అయినా నిజానికి మీగడ రంగు. అప్పుడు ఫొటో రంగును వదిలేసి బార్‌కోడ్ దారిలో వెళ్లడం మేలు.

సీసాలో ఒక రంగు, చెంప మీద ఒక రంగు

ఫొటో సరిచేశాం. వచ్చిన అంకెలు గాజు వెనకున్న తడి ఫౌండేషన్‌వి. చర్మం మీద అది పలుచటి పొరగా ఆరుతుంది, ఆ రెండూ ఒకటి కావు.

సీసాలో ఫౌండేషన్ గాజుకు అంటుకుని ఉంటుంది, మధ్యలో గాలి లేదు. వెలుగు సాఫీగా లోపలికి వెళ్లి, మందంగా ఉన్న రంగులో తిరిగి బయటికి వస్తుంది. అందుకే రంగు గాఢంగా కనిపిస్తుంది. మసక గాజు సీసా అయితే దానికి తెల్లటి పొగలాంటి తెర తోడవుతుంది. చర్మం మీద రాశాక మొదట నీళ్లు, త్వరగా ఆవిరయ్యే సిలికోన్లు ఎగిరిపోతాయి. మిగిలిన పొరలో రంగుపొడి పాలు పెరుగుతుంది. కొద్ది నిమిషాల్లోనే రంగు మారడానికి ఇదొక కారణం.

ఆ తర్వాత గంటా రెండు గంటలకు ముఖం ఇంకాస్త ముదురుగా మారడం జిడ్డు చర్మం ఉన్నవాళ్లకు బాగా అనుభవం. దీన్ని అందరూ ఆక్సిడైజ్ అయిందంటారు. గాలిలోని ఆక్సిజన్ తగిలి రంగు తుప్పు పట్టిందన్న ఊహ అది. నిజానికి ఫౌండేషన్‌లోని ఎర్ర ఐరన్ ఆక్సైడ్ రసాయనపరంగా ముందే తుప్పు. మళ్లీ పట్టడానికి అందులో ఏమీ మిగలలేదు. అసలు జరిగేది ఎక్కువగా వెలుగుకు సంబంధించిన సంగతి. ఆరిన పొరలో రంగురేణువుల మధ్య సన్నటి గాలి ఖాళీలు ఉంటాయి. గాలికీ టైటానియం డయాక్సైడ్‌కూ వెలుగును వంచే శక్తిలో తేడా చాలా ఎక్కువ కాబట్టి ఆ సరిహద్దుల దగ్గర వెలుగు గట్టిగా చెదురుతుంది. చెదిరిన వెలుగు పొరను లేతగా చూపిస్తుంది. చర్మం నుంచి ఊరిన జిడ్డు ఆ ఖాళీల్లో నిండితే తేడా తగ్గుతుంది, వెలుగు తక్కువ చెదురుతుంది, రంగు ముదురుగా కనిపిస్తుంది. రేణువు మారలేదు, దాని చుట్టూ ఉన్నది మారింది.

అందుకే ఒకే అంకెలున్న రెండు ఫౌండేషన్లు కూడా సాయంత్రానికి రెండు రంగులు కావచ్చు. రేణువులకు సిలికోన్ పూత బాగా పట్టించిన రకంలో జిడ్డు అంతగా అంటదు. పదార్థాల జాబితా ఫొటో అడిగింది ఇందుకే. పాత సీసా, కొత్త సీసా రెండూ ఒకే తీరు తడితో చేసినవైతే సీసాలో కలిసిన పోలిక ముఖం మీద కూడా నిలిచే అవకాశం ఎక్కువ.

సీసాలో చుక్క మిగిలి ఉంటే గాజును ఫొటో తీయడం కంటే ఇంకో మంచి పని ఉంది. ఫ్యాక్టరీ ప్రయోగశాలల్లో సగం నలుపు, సగం తెలుపు ఉన్న అట్ట మీద ఫౌండేషన్‌ను ఒకే మందంలో లాగి పరుస్తారు. తెలుపు మీద రంగు తెలుస్తుంది, నలుపు ఎంతవరకు కప్పబడిందో చూస్తే కవరేజీ తెలుస్తుంది. ఇంట్లో నున్నటి తెల్ల విజిటింగ్ కార్డు మీద, నల్ల అక్షరాలు ఉన్నచోటూ లేనిచోటూ కలిసేలా కాస్త మందంగా రాసి పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, పగటి వెలుగులో ఫొటో తీస్తే చాలు. ఆరిన రంగు, తెల్ల కాగితం, కవరేజీ మూడూ ఒకే ఫొటోలో వస్తాయి.

లిప్‌స్టిక్ మెలిక వేరు

లిప్‌స్టిక్‌లో మొదటి చిక్కు కెమెరాదే. గాఢమైన ఎరుపు, గులాబీ రంగులకు కెమెరాలోని ఎరుపు లెక్క పరిమితికి చేరి ఆగిపోతుంది. 255 దాటి అంకె లేదు. నిజంగా వేర్వేరుగా ఉన్న రెండు ఎర్రలు ఫొటోలో ఒకే చదును ఎరుపై కూర్చుంటాయి. ఇలా జరిగిందని గుర్తుపట్టడం తేలిక: ఫొటోలో లిప్‌స్టిక్ మీద గీతలు, అంచుల నీడలు మాయమై రంగు ముద్దలా కనిపిస్తుంది. ఫోను తెర మీద లిప్‌స్టిక్‌ను తాకి వెలుగు తగ్గించి మళ్లీ తీస్తే గీతలు తిరిగొస్తాయి. చౌక ఎల్‌ఈడీ బల్బుల్లో ముదురు ఎరుపు వెలుగు తక్కువ కాబట్టి వాటి కింద ఎర్ర లిప్‌స్టిక్ అసలు కంటే గోధుమ వైపు కనిపిస్తుంది. ఈ లోటును తెల్ల కాగితం కూడా పూర్తిగా పూడ్చలేదు, లేని వెలుగును ఏ సవరణా తేలేదు కాబట్టి.

రెండో చిక్కు రసాయనానిది. ఫౌండేషన్‌లా కాక ఇక్కడ పదార్థాల జాబితా నిజంగా ఒక ముఖ్యమైన కబురు చెబుతుంది. సీఐ 45410, సీఐ 45380 అనే అంకెలు కనిపిస్తే జాగ్రత్తపడాలి. ఇవి ఇయోసిన్ కుటుంబపు రంగులు. వీటిలో కొన్ని రూపాలు లిప్‌స్టిక్ మైనంలో ఉన్నంతసేపు లేతగానో నారింజగానో ఉండి, పెదవి తడి తగలగానే గాఢ గులాబీకి తిరుగుతాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు రావడం మనకు తెలిసిందే. అక్కడ సున్నంలోని క్షారం పసుపును మార్చినట్టే ఇక్కడ ఆమ్లం తగ్గిన తడి ఈ రంగును మారుస్తుంది. ఆకుపచ్చ పుల్లలా ఉండి పెదవి మీద గులాబీగా మారే లిప్‌స్టిక్‌ల గుట్టు కూడా ఇదే. ఇలాంటి లిప్‌స్టిక్‌కు పుల్ల ఫొటో చూసి పోలిక వెతికితే దొరికేది పుల్లకు పోలిక మాత్రమే. తుడిచినా పెదవికి పట్టుకుని ఉండే గులాబీ మరక ఈ రంగులు ఉన్నాయనడానికి మంచి గుర్తు.

మూడోది మెరుపు. ఒకే రంగుపొడితో చేసిన మ్యాట్ రకం, గ్లాసీ రకం ఒకేలా కనిపించవు. మ్యాట్ గరుకు ఉపరితలం నలువైపుల నుంచి వచ్చే వెలుగును చెదరగొట్టి రంగు మీద సన్నటి తెల్లదనం పరుస్తుంది. గ్లాసీలో ఆ వెలుగంతా ఒక మెరుపు చుక్కగా పోగై, మిగతా చోట రంగు గాఢంగా ఉంటుంది. పలచటి రకమైతే కింద ఉన్న పెదవి రంగు కూడా కలుస్తుంది. పెదవులు ముదురుగా ఉన్నవారికి లేత న్యూడ్ లిప్‌స్టిక్ డబ్బా మీది బొమ్మలా రాకపోవడానికి కారణం అదే. కాబట్టి పోలిక వెతికేటప్పుడు మొదట మ్యాట్‌కు మ్యాట్, పలచకు పలచ అని వేరుచేసి, ఆ తర్వాతే రంగు చూడాలి. డబ్బా మీద అచ్చేసిన రంగు గడిని అసలు లెక్కలోకి తీసుకోకూడదు. నాలుగు అచ్చు సిరాలతో మెరిసే గులాబీలు, కాంతివంతమైన ఎర్రలు రానే రావు.

వృత్తిలో ఉన్నవాళ్లు ఏం చేశారు

ఈ ఇబ్బందులన్నీ తెలిసినవాళ్లు మామూలు ఫొటో మీద ఆధారపడటం మానేసి వేరే దారులు పట్టారు. 2012లో సెఫోరా, పాంటోన్ కలిసి తెచ్చిన కలర్ ఐక్యూ అనే ఏర్పాటులో చర్మానికి ఆనించి పట్టే చిన్న పరికరం ఉండేది. దానికి సొంత దీపం ఉంటుంది, బయటి వెలుగు లోపలికి రాదు. అది ఇచ్చిన సంఖ్యకు, ముందే కొలిచి పెట్టిన ఫౌండేషన్లలో ఏవి సరిపోతాయో చూసి జాబితా ఇచ్చేవారు. దీపాన్ని తమ చేతుల్లోకి తీసుకోవడమే అందులోని కిటుకు.

ఇంకో దారి మరీ తేలికైనది. ఫైండేషన్ అనే సేవకు మనకు సరిపోయిన షేడ్ల పేర్లు చెబితే, అవే షేడ్లు సరిపోయిన ఇతరులు ఇంకేం వాడుతున్నారో చూసి మనకు సూచిస్తుంది. ఇందులో ఎక్కడా ఫొటో లేదు, రంగు కొలత లేదు. సరిపోయిందని తీర్పు చెప్పింది మనుషుల ముఖాలే కాబట్టి గాజు, ఆరడం, జిడ్డు అన్నీ ఆ తీర్పులోనే కలిసిపోయాయి. డబ్బా అడుగునున్న అక్షరాలే ముందు చదవాలని మొదట చెప్పింది ఇందుకే. పేరు తెలిస్తే ఇలాంటి తలుపులు తెరుచుకుంటాయి, ఫొటోలోని రంగుతో తెరుచుకోవు.

ఇంత చేసినా ఒక అడ్డంకి మిగులుతుంది. చర్మం రంగు మెలనిన్ నుంచి, రక్తంలోని హీమోగ్లోబిన్ నుంచి వస్తుంది. ఫౌండేషన్ రంగు ఇనుప ఆక్సైడ్ల నుంచి వస్తుంది. రెండూ వెలుగును వేర్వేరు తీరుల్లో మింగుతాయి. పగటి వెలుగులో ఒకేలా కనిపించిన రెండూ ఫంక్షన్ హాలు దీపాల కింద విడిపోవచ్చు. దీన్ని ఏ ఫొటో ముందుగా చూపించలేదు, చెంప మీద పరీక్షే చూపిస్తుంది.

అందుకని జాబితా రెండు మూడు షేడ్లకు తగ్గాక, వాటిని ముంజేతి మీద కాకుండా దవడ అంచున, చెంప నుంచి మెడ మీదికి వచ్చేలా నిలువు చారలుగా రాయాలి. ముంజేయి రంగు, ముఖం రంగు చాలామందిలో ఒకటి కావు. అరగంట ఆగాలి. గుమ్మం దగ్గర పగటి వెలుగులో ఒకసారి, లోపల దీపం కింద ఒకసారి చూడాలి. రెండు చోట్లా కనిపించకుండా పోయిన చార మీది. ఏదీ పూర్తిగా కనుమరుగు కాకుండా, ఒకటి కాస్త లేతగా మరొకటి కాస్త ముదురుగా తేలితే, ఆ రెండూ ఒకే కంపెనీ ఒకే రకంలోవి అయినప్పుడు అరచేతిలో చెరి ఒక చుక్క కలిపి మూడో చార రాసి చూడండి. రెండు సీసాల్లోనూ ఉన్నవి అవే నాలుగు పొడులు, అదే తడి. కలిపితే విరగకుండా మధ్య రంగు వస్తుంది.